మేకుకి తగిలించిన సగం గాజు

రెండు-ఆరు సైజు గాజు ఒకదాన్ని గోడ మేకుకి తగిలించి, కింది అంచు పట్టుకుని కాస్త పక్కకి జరిపి వదిలితే గోడ వెంబడి అటూ ఇటూ ఊగుతుంది. ఇప్పుడు ఆ గాజుని సరిగ్గా సగానికి కోద్దాం. ఒక సగాన్ని కొమ్ములు కిందికి ఉండేలా అదే మేకు మీద నిలిపి ఊపితే ఏమవుతుంది? మునుపటికన్నా త్వరగా ఊగుతుందా, నెమ్మదిగానా?

బరువు సగమైంది కాబట్టి త్వరగా ఊగుతుందని కొందరంటారు. లఘులోలకం పాఠం గుర్తున్నవాళ్లు బరువుతో పని లేదనీ, గాజు పొట్టిదైంది కాబట్టి త్వరగా ఊగుతుందనీ అంటారు. కారణాలు వేరైనా జవాబు ఒకటే. అదే తప్పు కూడా. గాజూ మేకూ సన్నగా ఉన్నంతవరకు సగం ముక్కకి కూడా ఒక్కో ఊపుకి నిండు గాజుకి పట్టినంత సేపే పడుతుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేసి పావు ముక్కని ఊపినా అంతే. ఏ ముక్కయినా దాని నడిమి బిందువు దగ్గర వేలాడితే చాలు.

ఇది ఎందుకో తెలియాలంటే, ఒక వస్తువు బొమ్మా, దాన్ని ఎక్కడ వేలాడదీశామన్న గుర్తూ ఇస్తే డోలన కాలం ఎలా తేలుతుందో చూడాలి. బొమ్మలోంచి మనకి కావలసినవి రెండే. మొదటిది, ఇరుసు నుంచి ద్రవ్యరాశి కేంద్రం ఎంత దూరంలో ఉంది. దీన్ని h అందాం. వస్తువు పక్కకి ఒరిగినప్పుడు బరువు దాన్ని వెనక్కి తిప్పే బలం ఈ దూరం మీద ఆధారపడుతుంది. h ఎక్కువైతే వెనక్కి లాగే టార్క్ ఎక్కువ. రెండోది, ఇరుసు చుట్టూ వస్తువు జడత్వ భ్రామకం. వస్తువులోని ఒక్కో రేణువు ద్రవ్యరాశిని, ఇరుసు నుంచి దాని దూరం వర్గంతో గుణించి, అన్నిటినీ కూడితే వచ్చే మొత్తం అది. తిప్పబోతే వస్తువు ఎంత మొరాయిస్తుందో ఇది చెబుతుంది. లాగే టార్క్‌నీ ఈ మొరాయింపునీ పక్కపక్కన పెడితే డోలన కాలం వస్తుంది:

T = 2π√(I / Mgh)

I లోనూ M ఉంది, కింద Mgh లోనూ M ఉంది. రెండూ కొట్టేసుకుపోతాయి. మిగిలేది I/Mh అనే ఒక పొడవు. దాన్ని L అందాం. అంత పొడవున్న దారానికి చిన్న గుండు కట్టి ఊపితే అది కూడా మన వస్తువుతో సమంగా ఊగుతుంది. ఎంత వంకరటింకర వస్తువైనా, ఊగే విషయంలో మాత్రం ఒకే ఒక్క పొడవుకి తగ్గిపోతుందన్నమాట. ఈ పొడవుని లెక్కకట్టే పద్ధతిని సరిగ్గా తేల్చినవాడు క్రిస్టియాన్ హైగెన్స్. 1673లో పారిస్‌లో అచ్చయిన ఆయన లోలక గడియారాల పుస్తకంలో ఈ లెక్క ఉంది. ఇరుసు నుంచి ద్రవ్యరాశి కేంద్రం గుండా సూటిగా L దూరం దిగితే తగిలే చోటుకి డోలన కేంద్రమని పేరు.

గాజుకి లెక్క వేద్దాం. ప్రస్తుతానికి అది మందమే లేని సన్నని తీగ అనుకుందాం, వ్యాసార్థం R. రేణువులన్నీ మధ్యబిందువు నుంచి ఒకే దూరంలో ఉన్నాయి కాబట్టి ఆ బిందువు చుట్టూ జడత్వ భ్రామకం MR². ఇరుసు అక్కడ లేదు, పై అంచున ఉంది. కేంద్రం నుంచి R దూరం జరిగాం కాబట్టి సమాంతర అక్షాల సిద్ధాంతం ప్రకారం ఇంకో MR² కలుస్తుంది. మొత్తం 2MR². h అంటే R. భాగిస్తే L = 2R, అంటే సరిగ్గా గాజు వ్యాసం. రెండు-ఆరు అంటే లోపలి వ్యాసం రెండంగుళాల మీద పదహారో వంతులు ఆరు, సుమారు 60 మిల్లీమీటర్లు. మన ప్రాంతంలో గురుత్వ త్వరణం 9.78 అనుకుంటే డోలన కాలం 0.492 సెకన్లు. ఇరవై ఊపులకి 9.84 సెకన్లు పడుతుంది.

ఇప్పుడు ముక్క సంగతి. ఎంత ముక్కయినా, దాని రేణువులన్నీ పాత గాజు మధ్యబిందువు నుంచి R దూరంలోనే ఉన్నాయి. కాబట్టి ఆ బిందువు చుట్టూ జడత్వ భ్రామకం ఇప్పటికీ MR²యే, కాకపోతే M ఈ ముక్క ద్రవ్యరాశి. మారిందల్లా ద్రవ్యరాశి కేంద్రం. అది మధ్యబిందువుని వదిలి d దూరం పైకి, ముక్క వైపుకి జరిగింది. సమాంతర అక్షాల సిద్ధాంతం లెక్క ఎప్పుడూ ద్రవ్యరాశి కేంద్రం నుంచే మొదలవాలి. పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. పాత మధ్యబిందువు నుంచి సూటిగా ఇరుసుకి దూకేసి, నిండు గాజుకి చేసినట్టే ఇంకో MR² కలిపేస్తారు. అలా చేయకూడదు. ముందు మధ్యబిందువు నుంచి ద్రవ్యరాశి కేంద్రానికి రావాలి, అప్పుడు Md² తగ్గుతుంది. అక్కడి నుంచి ఇరుసుకి వెళ్లాలి, అప్పుడు M(R − d)² పెరుగుతుంది.

I = MR² − Md² + M(R − d)² = 2MR(R − d)

ఇరుసు నుంచి ద్రవ్యరాశి కేంద్రం దూరం కూడా R − d యే. దాంతో భాగిస్తే R − d పైనా కిందా ఎగిరిపోయి, మిగిలేది మళ్లీ 2R. గాజులో ఎంత భాగం మిగిలిందో చెప్పే ఒకే ఒక్క అంకె d. జవాబులో అది లేదు. గాజు చిన్నదయ్యేకొద్దీ ద్రవ్యరాశి కేంద్రం ఇరుసుకి దగ్గరై వెనక్కి లాగే టార్క్ బలహీనమవుతుంది. సరిగ్గా అదే నిష్పత్తిలో మొరాయింపు కూడా తగ్గుతుంది.

సగం గాజు విషయంలో ఇంకో విడ్డూరం ఉంది. L = 2R కాబట్టి నిండు గాజు డోలన కేంద్రం ఇరుసుకి ఎదురుగా, గాజు అడుగు బిందువు దగ్గర ఉంటుంది. సగం గాజుకీ అక్కడే. కానీ సగం గాజుకి ఆ అడుగే లేదు. డోలన కేంద్రం ఖాళీ గాలిలో, కోసి పారేసిన భాగం ఒకప్పుడు ఉన్నచోట ఉంది. డోలన కేంద్రం వస్తువులోనే ఉండాలన్న నియమం ఏదీ లేదు.

నిండు గాజు ఈ విషయంలో ఇంకో నిజాన్ని చూపిస్తుంది. దాన్ని తలకిందులు చేసి డోలన కేంద్రం దగ్గర వేలాడదీస్తే ఒక్కో ఊపుకి అంతే సేపు పడుతుంది. గాజు గుండ్రం కాబట్టి ఇందులో వింత లేదనిపిస్తుంది. నిజానికి ఏ వస్తువుకైనా ఇది చెల్లుతుంది. ఇరుసూ డోలన కేంద్రమూ చోట్లు మార్చుకున్నా కాలం మారదని హైగెన్స్‌కి తెలుసు. దీన్ని పనిముట్టుగా మలిచినవాడు హెన్రీ కేటర్. మద్రాసు వైపు విలియం లాంబ్టన్ చేస్తున్న సర్వేలో కొన్నేళ్లు సహాయకుడిగా ఉండి, ఆరోగ్యం చెడి ఇంగ్లండు తిరిగి వెళ్లిన సైనికాధికారి ఆయన. 1817లో లండన్‌లో ఆయన చేసిన లోలకానికి రెండు కత్తి అంచులు ఎదురెదురుగా ఉంటాయి. బరువులు జరుపుతూ రెండువైపులా ఒకే కాలం వచ్చేలా చేస్తే, ఆ రెండు అంచుల మధ్య దూరమే L. లోహం ఎక్కడ చిక్కగా ఉంది, ఎక్కడ పలచగా ఉంది, ద్రవ్యరాశి కేంద్రం ఎక్కడుంది అన్నవేవీ తెలియనక్కర్లేదు. ఒక దూరం, ఒక కాలం కొలిస్తే గురుత్వ త్వరణం వచ్చేస్తుంది. బొమ్మ చూసి జడత్వ భ్రామకం లెక్కకట్టడాన్ని నమ్మలేని చోట, అసలు ఆ అవసరమే లేకుండా చేయడంలో ఉంది కేటర్ తెలివంతా.

మళ్లీ మేకు దగ్గరికి వద్దాం. మనవాళ్ల పరీక్ష పేపర్లలో ఇరుసు ఎప్పుడూ ఒక చుక్క. ఆ చుక్కకి మందం ఉండదు. ఇంట్లో మేకుకి ఉంటుంది, గాజుకీ ఉంటుంది. గాజు ముక్కల ప్రయోగం నిజంగా చేసి చూసేవాళ్లకి మొదట ఎదురయ్యేది ఇదే. గాజు పెంకులతో వేళ్లు కోసుకోకుండా, గట్టి ఇనప తీగని గుండ్రంగా వంచి, కటింగ్ ప్లేయర్‌తో ముక్కలు చేసుకుంటే మంచిది.

సన్నని తీగ రింగుని 2 మిల్లీమీటర్ల మందమున్న మేకు మీద ఊపామనుకుందాం. ఊగేటప్పుడు రింగు మేకు మీద కొద్దిగా దొర్లుతుంది. రింగు కుడికి పోతే, మేకుని తాకే చోటు ఎడమకి జరుగుతుంది. అంటే ద్రవ్యరాశి కేంద్రం ఒకవైపు, ఆధారం ఇంకోవైపు జరిగి, వెనక్కి లాగే టార్క్ లెక్కకన్నా ఎక్కువవుతుంది. h బదులు, మేకు వ్యాసార్థం a కలిపి దాదాపు h + a ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. నిండు రింగులో h అంటే 30 మిల్లీమీటర్లు, దానికి 1 కలిస్తే పెద్ద తేడా లేదు. ఇరవై ఊపులు 9.84 బదులు 9.68 సెకన్లలో అవుతాయి. సగం ముక్కలో h సుమారు 11 మిల్లీమీటర్లే, అందువల్ల అదే 1 మిల్లీమీటరు ఎక్కువ పని చేస్తుంది. ఇరవై ఊపులు 9.41 సెకన్లు. పావు ముక్కలో h మూడు మిల్లీమీటర్లకి పడిపోతుంది. అక్కడ కాలం 8.48కి దిగుతుంది. ముక్క చిన్నదయ్యేకొద్దీ కాలం తగ్గుతూ వస్తే తప్పు సిద్ధాంతానిది కాదు, మేకుది.

దీనికి విరుగుడుగా మేకు బదులు పదునైన అంచు వాడదామనుకుంటే, ఈసారి తీగ మందం అడ్డొస్తుంది. 2 మిల్లీమీటర్ల మందపు రింగుని కత్తి అంచు మీద వేలాడదీస్తే ఆనేది లోపలి అంచు. దాని పైన మందమంతా ఉంది. ఆ భాగం ఇరుసుకి పైన ఉండి, ద్రవ్యరాశి కేంద్రాన్ని ఇరుసుకి దగ్గర చేస్తుంది. లాగే టార్క్ తగ్గుతుంది, కాలం పెరుగుతుంది. నిండు రింగుకి ఇరవై ఊపులు 10 సెకన్లు, సగానికి 10.3, పావుకి ఏకంగా 12. ఈసారి ముక్క చిన్నదయ్యేకొద్దీ నెమ్మది.

ఒక తప్పు కాలాన్ని తగ్గిస్తుంది, రెండోది పెంచుతుంది. రెండూ ఒకేసారి ఉంటే? తీగ మందంలో సగాన్ని c, లోపలి వ్యాసార్థాన్ని r అనుకుని, h ని లోపలి అంచు దగ్గర్నుంచి కొలిస్తే లెక్క దాదాపు ఇలా తేలుతుంది:

L ≈ 2r(h + c) / (h + a)

తీగ మందం, మేకు మందం సమానమైతే c, a ఒకటే. అప్పుడు పైదీ కిందదీ కొట్టుకుపోయి L మళ్లీ 2r అవుతుంది, h ఎంతైనా సరే. 2 మిల్లీమీటర్ల తీగని 2 మిల్లీమీటర్ల మేకు మీద ఊపి చూస్తే నిండు రింగుకి L 60 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా, సగానికీ అంతే, పావుకి కూడా ఒక శాతంలోపే తేడా వస్తుంది. నాకు ఈ మొత్తం లెక్కలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. వాస్తవంలో ఉండే రెండు మందాలూ సమానంగా ఉంటే, మందమే లేని బొమ్మకి వచ్చిన జవాబు తిరిగి వస్తుంది. అందుకే రింగు వంచిన తీగలోంచే ఒక ముక్క కత్తిరించి, దాన్నే మేకుగా వాడుకోవడం ఉత్తమం.

కొలవడంలో జాగ్రత్తలు రెండు చాలు. ఫోన్ స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు చెయ్యి పదోవంతు సెకను అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఒక్క ఊపుని కొలిస్తే లాభం లేదు. ఇరవై ఊపులు కొలవాలి, గడియారం నొక్కినప్పుడు ‘ఒకటి’ అనకుండా ‘సున్నా’ అని మొదలెట్టాలి. ఒకటితో మొదలెడితే పందొమ్మిది ఊపుల్నే ఇరవై అనుకుంటాం, ఐదు శాతం తప్పు వస్తుంది. రెండోది, ఎక్కువగా ఊపకూడదు. పైన రాసిన సూత్రం చిన్న ఊపులకే. ముప్పై డిగ్రీల దాకా లాగి వదిలితే కాలం 1.7 శాతం పెరుగుతుంది, అది మేకు మందం నిండు రింగులో తెచ్చే తేడాతో సమానం. పది డిగ్రీలలోపు ఉంటే పెరుగుదల అర శాతంలో సగం కూడా ఉండదు. చిన్న ముక్కల్ని అలా మెల్లగా ఊపితే రాపిడికి తొందరగా ఆగిపోతాయి, వాటిని లాగే టార్క్ అంత నీరసం. పావు ముక్కకి ఇరవై ఊపులు రాకపోతే పదితో సరిపెట్టుకోవాల్సిందే.

ఇంకో మాట. ఇంతవరకు చెప్పిందంతా గాజు తన తలంలోనే, అంటే గోడ వెంబడి ఊగినప్పటి సంగతి. అదే గాజు గోడ వైపుకీ మన వైపుకీ ఊగితే ఇరుసు దిశ మారుతుంది. ఇరుసు దిశ మారితే ప్రతి రేణువు దూరమూ మారుతుంది. నిండు గాజుకి L అప్పుడు 2R కాదు, ఒకటిన్నర R. కాలం 0.43 సెకన్లు. సగం గాజుకైతే L సుమారు 0.62R, కాలం 0.27 సెకన్లు. ఈ దిశలో నిండుకీ సగానికీ పోలికే లేదు. బొమ్మలో ఇరుసు చుక్క పెట్టి ఊరుకుంటే చాలదనడానికి ఇదే సాక్ష్యం. ఆ చుక్క కాగితంలోకి దిగే ఇరుసా, కాగితం మీద అడ్డంగా పోయే ఇరుసా అన్నది చూడకుండా లెక్క మొదలెట్టకూడదు. ప్రయోగంలో రింగు కాసేపటికి సుడి తిరిగినట్టు ఊగడం మొదలెడితే రెండు ఊపులూ కలిసిపోయాయని అర్థం. ఆ కొలత తీసేసి మళ్లీ మొదలెట్టాలి.

ఇక గురుత్వాన్ని పక్కన పెట్టి అదే గాజుని మెలితిప్పి చూద్దాం. ఒక సన్నని లోహపు తీగ చివర తేలికపాటి అట్టని అడ్డంగా కట్టి, దాని మీద గాజు పెట్టి, అట్టని కొంచెం తిప్పి వదిలితే తీగ మెలికలు విప్పుకుంటూ చుట్టుకుంటూ ఊగుతుంది. ఇది విమోటన లోలకం. ఇక్కడ వెనక్కి లాగేది బరువు కాదు, తీగ బిగువు. తీగ బిగువుని κ అంటే

T = 2π√(I / κ)

ఇందులో g లేదు, h లేదు. కానీ మొదటి దాంట్లో ఎగిరిపోయిన M ఇక్కడ ఎగిరిపోదు, ఎందుకంటే తీగకి అట్ట మీద ఏముందో తెలియదు. κ ని తీగ కొలతల నుంచి లెక్కకట్టబోతే మోసపోతాం. అది తీగ వ్యాసార్థానికి నాలుగో ఘాతంలో మారుతుంది. తీగ మందాన్ని ఐదు శాతం తప్పుగా కొలిస్తే κ లో ఇరవై శాతం పైచిలుకు తప్పు వస్తుంది. అందుకని దాన్ని కొలవకుండా తప్పించుకుంటారు. ఖాళీ అట్ట కాలం, తెలిసిన రింగు పెట్టినప్పటి కాలం, తెలియని వస్తువు పెట్టినప్పటి కాలం మూడూ కొలిచి, కాలాల వర్గాలు తీసుకుంటారు. రెండింటిలోంచీ ఖాళీ అట్టది తీసేస్తే, మిగిలిన వాటి నిష్పత్తే జడత్వ భ్రామకాల నిష్పత్తి. ఎంత వంకర వస్తువైనా, దాని బొమ్మ గీయడం మన వల్ల కాకపోయినా, దాని I ఇలా చేతికొస్తుంది.

నిండు గాజు, సగం గాజు పోటీని ఈ తీగ మీద పెడితే ఫలితం మారిపోతుంది. నిండు గాజు I అంటే MR². సగం గాజుని దాని ద్రవ్యరాశి కేంద్రం తీగ కిందికి వచ్చేలా పెడితే, I మొదటిదానిలో 0.30 వంతుకి పడిపోతుంది. సగం బరువు పోయినందుకు కొంత, మిగిలిన సగం తన కేంద్రానికి దగ్గరగా ముడుచుకుని ఉన్నందుకు కొంత. అట్ట ప్రభావం తీసేస్తే కాలం నిండు గాజు కాలంలో 0.55 వంతు వస్తుంది. ఇక్కడ కూడా పొరపాటుకి చోటుంది. సగం గాజు ద్రవ్యరాశి కేంద్రం ముక్కలో లేదు. వంపు నడిమి నుంచి 11 మిల్లీమీటర్ల దూరంలో, వంపు లోపలి ఖాళీలో ఉంది. దాన్ని లెక్కచేయకుండా పాత గాజు మధ్యబిందువునే తీగ కింద పెడితే I సగమే అవుతుంది, కాలం 0.71 వంతు దగ్గర ఆగుతుంది. 0.55కి బదులు 0.7కి దగ్గరగా ఏదైనా వస్తే అట్ట ఒకవైపుకి వాలి ఉందేమో పక్కనుంచి చూడాలి, వాలి ఉంటే ముక్కని జరిపి మళ్లీ కొలవాలి.